రాత్రైతే కాళ్ళు గుంజుతున్నాయా? హిమోగ్లోబిన్ కాదు, ఫెరిటిన్ చూడండి

"నమస్తే డాక్టర్ గారూ. నాకు 43 ఏళ్ళు, మాది ఖమ్మం. రెండేళ్ళుగా రాత్రి పడుకోగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, గుంజుతున్నట్టు ఉంటుంది, నొప్పి అని కూడా చెప్పలేను, కాళ్ళు కదపకుండా మాత్రం ఉండలేను. లేచి హాల్లో తిరిగితే తగ్గుతుంది, పడుకుంటే మళ్ళీ మొదలు, ఒంటిగంట రెండు దాకా ఇదే పని. కాల్షియం, బీ12, నరాల బలానికి క్యాప్సూల్స్ వాడాను, తగ్గలేదు. నిద్రకి ఎమిట్రిప్టిలిన్ 10 ఇచ్చారు, ఇంకా ఎక్కువైంది. గ్యాస్‌కి రాబెప్రజోల్-లెవోసల్పిరైడ్ రోజూ వేసుకుంటాను. పీరియడ్స్‌లో బ్లీడింగ్ ఎక్కువ. హిమోగ్లోబిన్ 12.1, ఫెరిటిన్ 19, రిపోర్టులో రెండూ నార్మల్ అనే ఉంది. ఇప్పుడు ప్రమిపెక్సోల్ రాశారు, అది పార్కిన్సన్స్ మందట. నాకు పార్కిన్సన్స్ వస్తుందా? ఆ మందు మొదలుపెట్టాలా?"

అమ్మా, ముందు ఆ భయం తీసేద్దాం. ఇది పార్కిన్సన్స్ కాదు, దానికి మొదటి మెట్టు కూడా కాదు. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలే చచ్చిపోతూ ఉంటాయి, మీ జబ్బులో ఆ కణాలకి ఏమీ కాదు, అవి పనిచేసే తీరులో తేడా వస్తుంది అంతే. రెండు జబ్బుల్లోనూ ఒకే మందు వాడతారు కాబట్టి గూగుల్‌లో కొట్టగానే ఆ పేరు పైకొస్తుంది, చాలామంది అక్కడే హడలిపోతారు. మీది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. ఇక మందు సంగతి, నా మాట ఏంటంటే ప్రమిపెక్సోల్ ఇప్పుడే మొదలుపెట్టొద్దు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ మీ రిపోర్టులో 19 ఉంది, ఆ సంగతి ముందు తేలాలి, మీరు వేసుకుంటున్న రెండు మాత్రల సంగతి కూడా తేలాలి. ఈ మూడూ చూశాక కూడా అవసరమైతే అప్పుడు వేరే మందు ఉంది. ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్తాను, ఈ ఉత్తరం ప్రింట్ తీసి మీకు రాసిన డాక్టర్ గారికి చూపించండి, ఆయనతో మాట్లాడే మార్చండి.

ఈ జబ్బుకి స్కాన్ లేదు, ఈసీజీ లాంటి పరీక్ష ఏదీ లేదు, పేషెంటు చెప్పే మాటల్లోనే దొరుకుతుంది, అందుకే పది నిమిషాలు కూర్చుని వినకపోతే దొరకదు. మేం చూసేవి నాలుగు. కాళ్ళు కదపాలనే కోరిక ఆపుకోలేనంతగా ఉండాలి, ఊరికే ఉన్నప్పుడు అంటే కూర్చున్నా పడుకున్నా మొదలవ్వాలి లేదా పెరగాలి, కదిపితే నడిస్తే ఆ నడిచినంతసేపూ అయినా తగ్గాలి, పగటికంటే సాయంత్రం రాత్రి ఎక్కువ ఉండాలి. మీరు రాసిన నాలుగు లైన్లలో ఈ నాలుగూ ఉన్నాయి. నేను పేషెంట్లని ఇంకో ప్రశ్న అడుగుతా, హైదరాబాద్ నైట్ బస్సులో మీరెలా వెళ్తారు అని. ఈ జబ్బున్నవాళ్ళు అడగ్గానే నవ్వేస్తారు, బస్సు ఎప్పుడు ఆగుతుందా ఎప్పుడు దిగి నాలుగడుగులు వేద్దామా అని చూస్తామండీ, పక్కవాళ్ళకి ఇబ్బందని సీటు కిందే కాళ్ళు రుద్దుకుంటూ కూర్చుంటాం అని చెప్తారు.

దీంతో కలిసిపోయేవి కొన్ని ఉన్నాయి, వాటిని విడదీసుకోవాలి. రాత్రి పిక్క పట్టేయడం వేరు, అందులో కండ గట్టిగా రాయిలా చేతికి తగులుతుంది, ప్రాణం పోయేంత నొప్పి, కాలు సాగదీస్తే వదులుతుంది, తర్వాత రోజంతా సలుపు ఉంటుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు, అది పగలూ ఉంటుంది, నడిస్తే తగ్గదు. సిరలు ఉబ్బినవాళ్ళకి ఎక్కువసేపు నిలబడితే కాళ్ళు బరువెక్కి లాగుతాయి, పడుకుని కాళ్ళు ఎత్తి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అంటే మీకు సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఇక కూర్చున్నచోట కాళ్ళు ఊపే అలవాటు ఉంటుంది చూడండి, అది జబ్బు కాదు, వాళ్ళకి లోపల ఏ బాధా ఉండదు, ఆపమంటే ఆపేస్తారు. కానీ ఒక్క మాట, ఈ జబ్బు చాలా ఇళ్ళల్లో వంశంలో వస్తుంది, చిన్నప్పుడు సాయంత్రం పూట కాళ్ళు కదుపుతుంటే "కాళ్ళు ఊపకు, లక్ష్మి నిలవదు" అని తిట్లు తిన్నవాళ్ళు, పెద్దయ్యాక నా దగ్గరికి వచ్చి అప్పుడు కూడా నాకు ఇదే ఉండేది సర్ అని గుర్తుచేసుకున్నవాళ్ళు ఉన్నారు. మీ అమ్మగారు రాత్రిళ్ళు పిక్కలకి తువ్వాలు బిగించి కట్టుకుని పడుకునేవారా, పిల్లలతో కాళ్ళు తొక్కించుకునేవారా, ఒకసారి గుర్తుచేసుకోండి. ఈ జబ్బుకి పేరు పెట్టింది ఎక్‌బామ్ అనే స్వీడన్ న్యూరాలజిస్టు, 1945లో, కానీ మన ఇళ్ళల్లో ఆ తువ్వాలు కట్టుకోవడం అంతకుముందు నుంచే ఉంది.

ఇప్పుడు అసలు విషయం, ఐరన్. ఐరన్ అనగానే మనకి రక్తమే గుర్తొస్తుంది, కానీ మెదడుకి కూడా ఐరన్ కావాలి. మనం తినే ప్రొటీన్‌లో టైరోసిన్ అని ఒకటి ఉంటుంది, మెదడు దాన్ని డోపమైన్‌గా మార్చుకుంటుంది, ఆ మార్పు చేసే ఎంజైమ్ ఐరన్ లేకుండా పనిచేయదు. డోపమైన్‌ని అందుకునే రిసెప్టర్లు కూడా ఐరన్ తగ్గితే తగ్గుతాయి. ఈ జబ్బుతో ఉన్నవాళ్ళు చనిపోయాక మెదడు పరీక్షించినా, బతికున్నవాళ్ళకి ఎంఆర్ఐలో ఐరన్ కొలిచినా, వెన్నులో నీరు తీసి చూసినా, కదలికలకి సంబంధించిన సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగంలో, ఆ నీటిలో ఐరన్ తక్కువగా కనిపించింది, ఒక్కోసారి రక్తంలో ఐరన్ బాగానే ఉన్నా సరే మెదడులో తక్కువ ఉంటుంది. రాత్రే ఎందుకంటే, రక్తంలో ఐరన్ అందరికీ రాత్రి తగ్గుతుంది, డోపమైన్ కూడా సాయంత్రం నుంచి దిగుతుంది. మామూలు మనిషికి ఆ దిగుడు తెలీదు. ఐరన్ కొరత ఉన్న మెదడు పగలంతా ఎక్కువ డోపమైన్ తయారుచేసి నెట్టుకొస్తుంది, దానికి సర్దుకుని రిసెప్టర్లు మొద్దుబారతాయి, రాత్రి డోపమైన్ దిగేసరికి ఆ మొద్దుబారిన రిసెప్టర్లకి సరిపోదు, అప్పుడు కాళ్ళు మొదలవుతాయి, ఇదీ పరిశోధకులు ఇప్పటిదాకా అర్థం చేసుకున్నది. ఈ మొద్దుబారడం అనే మాట గుర్తుపెట్టుకోండి, ప్రమిపెక్సోల్ దగ్గర మళ్ళీ వస్తుంది.

హిమోగ్లోబిన్, ఫెరిటిన్ తేడా చెప్తా. ఇంట్లో గాదె ఉంటుంది, పొయ్యి మీద కుండ ఉంటుంది. హిమోగ్లోబిన్ కుండలో అన్నం, ఫెరిటిన్ గాదెలో వడ్లు. గాదె అడుగంటుతున్నా ఇల్లాలు గీకి గీకి కుండ నింపుతూనే ఉంటుంది, బయటివాళ్ళకి ఇంట్లో కరువని తెలీదు. మీ శరీరం అదే చేస్తోంది, ఉన్న కాస్త ఐరన్‌నీ రక్తం తయారీకి ఇచ్చేసి 12.1 నిలబెడుతోంది, గాదెలో మిగిలింది 19. అది మెదడుకి చాలట్లేదు.

మరి రిపోర్టులో నార్మల్ అని ఎందుకుంది అంటే, చాలా ల్యాబుల్లో ఆడవాళ్ళకి ఫెరిటిన్ రేంజ్ 10 నుంచో 13 నుంచో మొదలవుతుంది, అందుకే 19కి స్టార్ పడదు, బోల్డ్ అక్షరం ఉండదు, చూసే డాక్టరు కూడా పేజీ తిప్పేస్తాడు. నేను కూడా ఒకప్పుడు అలా తిప్పేసినవాణ్ణే, ఒకామెని ఏడాది పాటు నరాల క్యాప్సూల్స్‌తో తిప్పాను, ఆమె ఫెరిటిన్ 14 అని రిపోర్టు నా టేబుల్ మీదే ఉంది. ఇప్పుడు తల్చుకున్నా బాధేస్తుంది. రెస్ట్‌లెస్ లెగ్స్‌కి లెక్క వేరు. ఇందులో పెద్దవాళ్ళకి ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఐరన్ ఇవ్వాలి, 75 నుంచి 100 మధ్య ఉంటే మాత్ర పెద్దగా ఎక్కదు కాబట్టి సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఆలోచించాలి, అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఇదే ఉంది. మీరు 19లో ఉన్నారు.

ఒకసారి టెస్టు మళ్ళీ చేయించుకోండి, ఈసారి ఒక్క ఫెరిటిన్ కాదు, ఐరన్ ప్రొఫైల్ మొత్తం, అందులో ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ వస్తుంది. పొద్దున పరగడుపున ఇవ్వాలి, ఐరన్ మాత్ర ఏదైనా వేసుకుంటుంటే కనీసం ముందు రోజు ఆపాలి, జ్వరం జలుబు ఇన్ఫెక్షన్ ఉన్న వారంలో ఇవ్వొద్దు, ఎందుకంటే ఒంట్లో వాపు ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరిగి 19 ఉన్నది 90 అని చూపించి మోసం చేస్తుంది. దీంతోపాటు కిడ్నీకి క్రియాటినిన్, ఒక సీబీసీ చాలు. సీబీసీలో ఎర్రకణాలు బాగా చిన్నవిగా ఉండి ఫెరిటిన్ మాత్రం బాగుంటే అది తలసీమియా లక్షణం అయ్యుండొచ్చు, అలాంటివాళ్ళు ఐరన్ మింగకూడదు, సాచురేషన్ 45 శాతం దాటినవాళ్ళు కూడా మింగకూడదు. కాబట్టి ఇది చదివి టెస్టు లేకుండా ఎవరూ ఐరన్ మొదలుపెట్టకండి, ఒంట్లో ఎక్కువైన ఐరన్ బయటికి పోయే దారి లేదు, లివర్లో గుండెలో పేరుకుంటుంది.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. ఫెరిటిన్‌లో ఒక్క పాయింటు అంటే ఒంట్లో సుమారు 8 మిల్లీగ్రాముల నిల్వ. మిమ్మల్ని 19 నుంచి 100కి తేవాలంటే 81 పాయింట్లు, అంటే దాదాపు 650 మిల్లీగ్రాములు గాదెలోకి చేరాలి. తిండి నుంచి రోజుకి మనకి ఎక్కేది ఒకటి రెండు మిల్లీగ్రాములు, అందులో ఒకటి మామూలుగానే బయటికి పోతుంది. ఒక ఎంఎల్ రక్తంలో అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది, మీలాగా బ్లీడింగ్ ఎక్కువైనవాళ్ళకి నెలకి 80 ఎంఎల్ దాటి పోతుంది అంటే 40 మిల్లీగ్రాములు కాలవలో పోసినట్టే. అందుకే ఆకుకూరలు, బెల్లం, ఖర్జూరం తింటే సరిపోతుందని నేను చెప్పను, అవి తినండి మంచిదే, కానీ రెండేళ్ళ లోటు వాటితో పూడదు.

మాత్ర ఎలాగంటే, అందులో అసలు ఐరన్ ఎంతో చూడాలి, స్ట్రిప్ మీద ఎలిమెంటల్ ఐరన్ అని ఉంటుంది. ప్రైవేటు షాపుల్లో దొరికే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రల్లో సాధారణంగా 100 మిల్లీగ్రాములు, ఆశా వర్కర్లు ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాములు, రెండూ పనికొస్తాయి. రోజుకి ఒకటి, లేదా రోజు విడిచి రోజు ఒకటి, పొద్దున పరగడుపున వేసుకోండి. రెండు మూడు వేసుకుంటే త్వరగా తగ్గుతుందనుకోవద్దు, ఒక మాత్ర వేయగానే లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ వదులుతుంది, అది దాదాపు ఒక రోజు పాటు పేగుల్లో ఐరన్‌కి తలుపులు మూసేస్తుంది, తర్వాత వేసింది మలబద్ధకానికి, వికారానికి తప్ప దేనికీ పనికిరాదు. మాత్రతో ఒక నిమ్మకాయ నీళ్ళు తాగండి. టీ మాత్రం గంట రెండు గంటల తర్వాతే. ఇది చాలామంది దగ్గర చెడిపోయే చోటు, లేవగానే మాత్ర, ఆ మాత్ర మీదే వేడి వేడి టీ, మూడు నెలలు అలా చేసి మాత్రలు పనిచేయలేదు సర్ అంటారు. టీలో ఉండే వగరు ఐరన్‌ని పట్టేసి కట్టేస్తుంది. కాల్షియం మాత్ర కూడా అంతే, దాన్ని రాత్రి భోజనానికి మార్చండి. మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి.

పరగడుపున పడకపోతే కొంచెం తిని వేసుకోండి, ఎక్కడం కాస్త తగ్గుతుంది కానీ మానేయడం కంటే నయం. ఒక మాత్ర నుంచి 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఎక్కుతుంది అనుకుంటే, రోజు విడిచి రోజు లెక్కన మూడు నెలలకి 45 మాత్రలు, 450 నుంచి 675 మిల్లీగ్రాములు. అందులోంచి మూడు పీరియడ్స్ 120 తీసుకెళ్తాయి. అంటే అన్నీ సవ్యంగా జరిగినా మూడు నెలలకి మీ ఫెరిటిన్ 60 నుంచి 88 మధ్య ఉండొచ్చు, కానీ ఫెరిటిన్ పెరిగేకొద్దీ పేగులు తీసుకోవడం తగ్గిస్తాయి కాబట్టి నేను అంతకంటే తక్కువే ఆశిస్తాను. అందుకే గైనకాలజిస్ట్ దగ్గరికి ఈ నెలలోనే వెళ్ళండి, ఫైబ్రాయిడ్స్ ఉన్నాయా, ఇంకేదైనానా చూసి బ్లీడింగ్ తగ్గించకపోతే పొయ్యి కింద నీళ్ళు కారుతుంటే పైన కట్టెలు పేర్చినట్టు ఉంటుంది. (మగవాళ్ళకీ, పీరియడ్స్ ఆగిపోయిన ఆడవాళ్ళకీ ఫెరిటిన్ ఇంత తక్కువ వస్తే కడుపులో పేగుల్లో ఎక్కడో రక్తం పోతోందేమో అని ఎండోస్కోపీ దాకా వెళ్ళి చూడాలి, వాళ్ళకి ఊరికే ఐరన్ రాసి పంపడం తప్పు.)

మూడు నెలలకి మళ్ళీ ఫెరిటిన్ చేయించాలి. అప్పటికీ సరిగ్గా పెరగకపోయినా, మాత్రలు కడుపుకి పడకపోయినా, లేదా ఇప్పుడే బాధ భరించలేనంత ఉన్నా ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ ఎక్కిస్తారు. ఒకేసారి 1000 మిల్లీగ్రాములు, సెలైన్‌లో కలిపి పావుగంటకి పైగా నెమ్మదిగా, బరువు 50 కిలోల కంటే తక్కువ ఉంటే డోసు తగ్గిస్తారు. అలర్జీ అరుదే కానీ వస్తే ప్రమాదం, కాబట్టి ఇంటి దగ్గర కాంపౌండర్‌తో ఎక్కించుకునేది కాదిది, ఆస్పత్రిలోనే, ఎక్కాక అరగంట అక్కడే కూర్చోవాలి. దీనివల్ల కొందరికి రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి నీరసం, ఎముకల నొప్పులు వస్తాయి, రెండోసారి ఎక్కించాల్సి వస్తే ఫాస్ఫేట్ చూసి ఎక్కించమనండి. ఎక్కించిన మర్నాడే కాళ్ళు తగ్గలేదని దిగులు పడొద్దు, మెదడులోకి ఐరన్ చేరడం నిదానం, నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరికి పన్నెండు వారాలు పడుతుంది. ఫెరిటిన్ 200 అయినా కాళ్ళు తగ్గనివాళ్ళూ ఉన్నారు, ఐరన్ వాళ్ళ మెదడు దాకా చేరట్లేదన్నమాట, వాళ్ళకి వేరే మందు తప్పదు.

రెండోది మీ మాత్రలు. లెవోసల్పిరైడ్ డోపమైన్‌ని అడ్డుకునే మందు, గ్యాస్ క్యాప్సూల్‌లో కలిసి వస్తుంది కాబట్టి దాని పని ఏంటో ఎవరూ చూడరు, కొన్నాళ్ళకి తగ్గించాల్సిన కోర్సు ఏళ్ళ తరబడి సాగుతుంది. డోపమైన్ దగ్గరే తేడా ఉన్న మనిషి రోజూ డోపమైన్‌ని అడ్డుకునే మందు మింగుతోంది, ఇది ముందు ఆగాలి. గ్యాస్ బాధ ఉంటే డాక్టర్ గారినడిగి లెవోసల్పిరైడ్ లేనిది తీసుకోండి, అది కూడా అవసరమైనన్నాళ్ళే, రాబెప్రజోల్ లాంటివి ఆసిడ్‌ని తగ్గించి ఐరన్ ఎక్కడాన్ని కూడా తగ్గిస్తాయి. వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే కోవ, డోమ్‌పెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్ళదు కాబట్టి వాంతులకి ఎప్పుడైనా కావాలంటే అది అడగండి. ఎమిట్రిప్టిలిన్ వేసుకున్నాక ఎక్కువైందని మీరు రాసింది ఊహ కాదు, నిజంగానే చాలామందికి అది ఈ జబ్బుని పెంచుతుంది, 10 మిల్లీగ్రాములే కాబట్టి డాక్టర్ గారికి చెప్పి ఆపేయొచ్చు. జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, నిద్రొస్తుందిలే అని రాత్రి వేసుకుంటారు, కళ్ళు మూతలు పడతాయి కాళ్ళు మాత్రం ఆగవు, అదెంత నరకమో వేసుకున్నవాళ్ళకే తెలుసు. డిప్రెషన్ మందులు కూడా కొన్ని పెంచుతాయి, కానీ వాటిని సొంతంగా ఆపేయకూడదు, ఇది మీకు కాదు, చదివే మిగతావాళ్ళకి చెప్తున్నా.

ఇప్పుడు ప్రమిపెక్సోల్. మీకు రాసిన డాక్టరు తప్పు చేశారని నేననను, చాలా ఏళ్ళు మేమందరం మొదట రాసింది అదే, రోపినిరోల్ కూడా. మొదటి రాత్రే పనిచేస్తుంది, పేషెంటు మర్నాడు వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చేంత హాయినిస్తుంది. ఇబ్బంది ఏళ్ళు గడిచాక. నా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు, ఆరేళ్ళ క్రితం రాత్రి పదికి మొదలయ్యే బాధకి 0.125 తో మొదలుపెట్టారు, బాగా తగ్గింది. రెండేళ్ళకి బాధ ఎనిమిదికే రావడం మొదలైంది, డోసు 0.25 చేశారు. ఇంకో ఏడాదికి సాయంత్రం ఐదు, డోసు 0.5. నా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండింటికే మొదలవుతోంది, కాళ్ళే కాదు మోచేతుల దాకా పాకింది, మాత్ర ఒకటిన్నర మిల్లీగ్రాములు. భోజనం నిలబడి చేస్తున్నారు. జబ్బు ముదిరిందని ఆయనా అనుకున్నారు, ఇంట్లోవాళ్ళూ అనుకున్నారు. అది జబ్బు ముదరడం కాదు, మందే జబ్బుని ముందుకు లాక్కొస్తోంది. దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. మొద్దుబారిన రిసెప్టర్లని రోజూ తట్టి తట్టి లేపితే ఇంకా మొద్దుబారతాయి, డోసు పెంచితే కొన్ని నెలలు తగ్గుతుంది, మళ్ళీ ఇంకా ముందుకు జరుగుతుంది. బాధ మొదలయ్యే టైము గంటలు గంటలు ముందుకి రావడం, చేతులకి పాకడం, కూర్చున్న కాసేపటికే మొదలవడం, డోసు పెంచిన కొన్నాళ్ళకే మళ్ళీ చాలకపోవడం, ఈ నాలుగింట్లో ఏది కనిపించినా అనుమానించాలి. ఫెరిటిన్ తక్కువున్నవాళ్ళకి ఇది త్వరగా వస్తుంది, మీకు ఇప్పుడే వద్దనడానికి ఇది పెద్ద కారణం.

మాస్టారి ఫెరిటిన్ 41, ఆరేళ్ళలో ఎవరూ చూడలేదు. ఐరన్ ఎక్కించాం, ప్రెగాబాలిన్ మొదలుపెట్టాం, అది ఒంటబట్టాక ప్రమిపెక్సోల్‌ని కొన్ని వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గిస్తూ నాలుగు నెలలకి ఆపాం. ఆఖరి మాత్ర ఆపాక ఓ పది రాత్రులు ఆయన దాదాపు నిద్రపోలేదు, ఆ సంగతి ముందే చెప్పి ఇంట్లోవాళ్ళని వంతులు వేసి కూర్చోబెట్టాం కాబట్టి నెగ్గుకొచ్చారు. ఒక్కసారిగా ఆపితే అది అందరివల్లా కాదు, కాబట్టి ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. ఇంకోటి కూడా ఇంట్లోవాళ్ళకి తెలియాలి, ఈ మందుల మీద కొందరికి మనసు మీద పట్టు తప్పుతుంది, ఎప్పుడూ పేకాట ముఖం చూడని మనిషి ఆన్‌లైన్ రమ్మీలో అప్పులు చేయడం, అవసరం లేనివి ఆర్డర్లు పెట్టేస్తూ ఉండటం, ఆపుకోలేనట్టు తినడం, అది క్యారెక్టర్ మారడం కాదు, మందు తగ్గిస్తే పోతుంది. ఇవన్నీ చూసే 2025 గైడ్‌లైన్స్‌లో ప్రమిపెక్సోల్, రోపినిరోల్, లెవోడోపా మామూలుగా వాడొద్దని పెట్టారు.

ఐరన్ పనిచేసేలోపు మీకు నిద్ర లేకపోతే గానీ, తర్వాత కూడా తగ్గకపోతే గానీ గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ ఉన్నాయి. ఇవి డోపమైన్ జోలికి పోవు, ఆగ్మెంటేషన్ తేవు. ప్రెగాబాలిన్ 50 లేదా 75, గాబాపెంటిన్ అయితే 100 నుంచి 300తో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచుతారు, బాధ మొదలయ్యే టైముకి గంట రెండు గంటల ముందు వేసుకోవాలి, కాళ్ళు మొదలయ్యాక వేసుకుంటే ఆ రాత్రికి ఆలస్యమైపోతుంది. మీకు పదింటికి మొదలైతే ఎనిమిదిన్నర. తల తిరగడం, పొద్దున మత్తు, బరువు పెరగడం, పాదాల వాపు ఉండొచ్చు, మొదటి వారం బండి నడపకండి, కిడ్నీ తేడా ఉంటే డోసు తగ్గాలి, గురక బాగా ఉండి నిద్రలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్ళు ముందే చెప్పాలి. ఇక్కడ మన షాపుల్లో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి, ప్రెగాబాలిన్ విడిగా కంటే నార్‌ట్రిప్టిలిన్ కలిపిన స్ట్రిప్ ఎక్కువ దొరుకుతుంది, అదిస్తారు. నార్‌ట్రిప్టిలిన్ మీకు పడని ఆ ఎమిట్రిప్టిలిన్‌కి చెల్లెలే, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టవుతుంది. స్ట్రిప్ వెనక్కి తిప్పి ప్రెగాబాలిన్ ఒక్కటే ఉందో లేదో చదవండి, చిన్నక్షరాలు కనపడకపోతే పిల్లలతో చదివించుకోండి.

ఈ రాత్రికి చేయగలిగేవి కొన్ని. సాయంత్రం నాలుగు తర్వాత టీ కాఫీ వద్దు. పడుకునే ముందు పిక్కల దాకా వేడినీళ్ళు పోసుకుని గట్టిగా రుద్దుకోండి, కొందరికి చన్నీళ్ళు పనిచేస్తాయి, రెండూ చూడండి. మీ అమ్మగారి తువ్వాలు పద్ధతి కూడా కట్టొచ్చు, వేలు దూరేంత వదులుగా, పాదం చల్లబడేంత బిగించొద్దు. మొదలైనప్పుడు పళ్ళు బిగబట్టి పడుకోవద్దు, లేచి నడవండి. మనసు దేంట్లోనైనా గట్టిగా నిమగ్నమైతే కూడా తగ్గుతుంది, ఊరికే టీవీ ముందు కూర్చుంటే పెరుగుతుంది, పూలు కట్టడమో లెక్కలు రాయడమో చేతికి పని పెట్టుకోండి. తెల్లవారుజాము నుంచి కాళ్ళు ఎలాగూ నెమ్మదిస్తాయి, వీలైన రోజు ఏడున్నర దాకా పడుకోండి, ఇంట్లో ఎవరైనా ఏదైనా అంటే ఈ ఉత్తరం చదివి వినిపించండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ ఒక్క లైను రాయండి, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి నిద్రపట్టింది, ఆరోజు ఏ మాత్రలు వేసుకున్నారు. లెవోసల్పిరైడ్, ఎమిట్రిప్టిలిన్ ఆపిన రెండు మూడు వారాలకే ఆ టైముల్లో తేడా కనపడొచ్చు, ఐరన్ తేడా రెండో నెల నుంచి. మూడు నెలలకి చేయించిన ఫెరిటిన్, ఆ నోట్‌బుక్ పేజీలు కలిపి పంపండి, మాత్రలు కొనసాగించాలా, ఎక్కించుకోవాలా అప్పుడు చెప్తాను.